గూడు తీసే పద్ధతి మారుస్తున్నం, ఇకనుంచి రెండు విజిట్లు

"అన్నా, పోయిన వారం బెడ్రూమ్ ఏసీ దగ్గర పావురం గూడు తీపిచ్చినం. ఇప్పుడు బెడ్ మీద సన్న చుక్కలు నడుస్తున్నయ్, రాత్రంతా దురద. నల్లులా ఇవి?" అని మియాపూర్ నుంచి ఒక మేడమ్ వాట్సాప్ చేసిన్రు.

నల్లులు కాదు మేడమ్, మైట్స్. గూట్లో పావురం పిల్లల రక్తం తాగి బతికే పురుగులు. పిల్లలు ఎగిరిపోయినా, గూడు తీసేసినా వాటికి తిండి ఉండదు, అందుకే ఏ సందు దొరికితే ఆ సందులకెళ్లి లోపలికొస్తయ్. మనల్ని కుడతయ్ గానీ మన రక్తంతోటి వాటి సంతతి పెరగదు, చర్మం లోపలికి కూడా దూరవు. పావురం పేలు వేరే, అవి సన్నగా పొడుగ్గా ఉంటయ్, ఈకలు తిని బతుకుతయ్, మనుషుల్ని కుట్టవు, పిట్ట దొరకకపోతే కొన్ని రోజుల్లోనే చచ్చిపోతయ్. కాబట్టి పిల్లల తలకు పేల మందు పెట్టాల్సిన పని లేదు.

ఆ ఇల్లు పోయి చూసిన. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక గూడు ఉండె, ఎవరో పొడి చీపురుతోటి కిందికి ఊడ్చేసిన్రు. లెడ్జ్ మీద రెట్ట, పుల్లలు, ఈకల పొడి అట్లనే ఉన్నయ్. ఏసీ రాగి పైపు గోడలకెళ్లి లోపలికొచ్చే రంధ్రం దగ్గర పుట్టీ ఊడిపోయింది, సరిగ్గా దాని కిందనే మంచం తలవైపు. ట్రాన్స్‌పరెంట్ టేప్ ఆ రంధ్రం చుట్టూ అద్ది తెల్ల కాగితం మీద అతికించి చూస్తే చుక్కలు కదులుతున్నయ్, కొన్ని తెల్లగా, రక్తం తాగినవి ముదురు ఎరుపు. మిల్లీమీటర్ కూడా ఉండవు. నల్లి అయితే బియ్యపు గింజ దగ్గర్లో ఉంటది, పరుపు కుట్ల దగ్గర నల్ల మరకలు కూడా కనిపిస్తయ్, ఇక్కడ అవేం లేవు. కానీ వాళ్లు ముందే ఎవరినో పిలిచి నల్లుల మందు పరుపు మీద కొట్టించుకున్నరు. డబ్బులు పోయినయ్, దురద పోలేదు, ఎందుకంటే బయట లెడ్జ్ నుంచి కొత్తవి వస్తనే ఉన్నయ్.

మేం ముందు లోపలి రంధ్రం సిలికాన్‌తోటి మూసినం, కిటికీ ట్రాక్ సందులు టేప్ వేసినం. తర్వాత బయట లెడ్జ్, యూనిట్ వెనక భాగం డెల్టామెత్రిన్ అనే పురుగుల మందు కొట్టి, మిగిలిన చెత్తను తడిపి కవర్ల కట్టి తీసేసినం. పొడిగా ఊడిస్తే మైట్స్ చెల్లాచెదురైతయ్, రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, అందుకే తడపడం, ఎన్95 మాస్క్ తప్పనిసరి. లోపల మంచం చుట్టూ వాక్యూమ్ చేసి ఆ సంచి వెంటనే బయట పారేయించినం, దుప్పట్లు 60 డిగ్రీల వేడి నీళ్లల్ల ఉతకమన్నం. ఒంటి మీదకు సబ్బు స్నానం చాలు, దద్దుర్లు ఎక్కువైతే స్కిన్ డాక్టర్‌ను కలవాలి. ఇండ్ల దగ్గర గూళ్లల్ల ఎక్కువగా దొరికే రకాలు తిండి లేకుండా రెండు మూడు వారాలు బతుకుతయ్, కోళ్లకు పట్టే ఎర్ర మైట్ అయితే నెలల తరబడి కూడా ఉంటది. అందుకే ఒక్క రోజులో మొత్తం పోతయని నేను గ్యారంటీ ఇవ్వను, ఇచ్చేవాళ్లను నమ్మకండి.

ఇప్పుడు మా దగ్గర మారింది ఏందంటే, గూడు మాత్రం తీసిచ్చే బుకింగ్ ఇకనుంచి తీసుకోం. లోపలి సందులు మూయకుండా, మందు కొట్టకుండా గూడు కదిపితే అవి మీ ఇంట్లకు వస్తయ్, ఆ పని చేసి డబ్బులు తీసుకోవడం నాకు ఇష్టం లేదు. మొదటి విజిట్‌లో సందులు మూయడం, స్ప్రే, గూడు తీయడం, లెడ్జ్ కడగడం. ఒక వారం తర్వాత రెండో విజిట్‌లో టేప్ చెక్, అవసరమైతే మళ్లీ స్ప్రే, ఆ తర్వాతనే పావురాలు రాకుండా నెట్ కడతం, ఎందుకంటే నెట్ కట్టినంక వెనక మూలల చెయ్యి పోదు, మందు పడదు. ఛార్జ్ కొంచెం పెరుగుతది, నిజమే, ఒకేరోజు నెట్ కట్టి పోవుడు కంటే మనుషులు, టైమ్ ఎక్కువ పడుతయ్.

గూట్లో గుడ్లు గానీ పిల్లలు గానీ ఉంటే ముట్టుకోం. పిల్ల గుడ్డులకెళ్లి వచ్చినంక ఎగరడానికి దాదాపు నెల పడుతది, అంతవరకు లోపలి రంధ్రాలు మాత్రం మూసి వస్తం, ఎగిరిన మర్నాడే కాల్ చేయండి, ఆలస్యమైతే ఆకలి మైట్స్ బయల్దేరుతయ్. ఇంట్లో అక్వేరియం, పిల్లి, పంజరంల చిలకలుంటే బుక్ చేసేటప్పుడే చెప్పండి, ఈ మందు చేపలకు, పిల్లులకు డేంజర్, ముందే వేరే రూమ్‌కు మార్చాలి. బుకింగ్‌కు లెడ్జ్ ఫోటోతో పాటు లోపలివైపు ఏసీ పైపు రంధ్రం, బాత్రూమ్ వెంటిలేటర్ ఫోటోలు కూడా పంపండి.