అజిత్రోనా, సెఫ్‌ట్రియాక్సోనా?

ఒరేయ్ శీనూ,

జిగట విరేచనాల పిల్లలకి అజిత్రోతో మొదలెట్టాలా, నేరుగా సెఫ్‌ట్రియాక్సోన్ ఇంజెక్షనే చేసెయ్యాలా అని ఫోన్లో అడిగావు కదా. ఓపీ హడావుడిలో సగమే చెప్పాను. మిగతాది ఇదిగో.

మొన్న మా దగ్గరికి ఓ రెండేళ్ల పిల్లాడొచ్చాడు, పది కిలోలుంటాడు. జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, మాటిమాటికీ కాస్తంత జిగట, అందులో నెత్తురు. వాంతులు లేవు, ఫిట్స్ రాలేదు, నీళ్లు తాగుతున్నాడు. ఇలాంటివాడికి నేను అజిత్రోమైసినే ఇస్తాను. ఈ విరేచనాలకి ముఖ్య కారణమైన షిగెల్లా బ్యాక్టీరియా పేగు గోడ కణాల్లోకి దూరి అక్కడే పెరుగుతుంది, ఈ మందు కూడా కణాల్లోనే బాగా పోగవుతుంది. పైగా నోటితో ఇవ్వచ్చు. మొదటి రోజు కిలోకి 12 మి.గ్రా. లెక్కన 120 మి.గ్రా. 5 మి.లీ.కి 200 మి.గ్రా. ఉండే సిరప్‌లో అది 3 మి.లీ. తర్వాత నాలుగు రోజులు ఒకటిన్నర మి.లీ. చొప్పున. ఓఆర్‌ఎస్, జింక్ సరేసరి. లోపెరమైడ్ మాత్రం దగ్గరికి రానివ్వకు.

అదే పిల్లాడు వాంతులు చేసుకుంటున్నా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, బాగా బక్కచిక్కి ఉన్నా సిరప్‌తో కాలయాపన చెయ్యను. చేర్చుకుని సెఫ్‌ట్రియాక్సోన్ కిలోకి 50 మి.గ్రా., రోజుకి ఒకసారి మొదలెడతాను.

అజిత్రో మొదలెట్టిన ఆ రెండేళ్ల పిల్లాణ్ని 48 గంటలకి మళ్లీ చూశాం. జ్వరం దిగలేదు, నెత్తురు తగ్గలేదు, అన్నం ముట్టట్లేదు. ఈ మూడూ, విరేచనాల లెక్కా కలిపి చూస్తే మందు పనిచేస్తోందో లేదో తెలిసిపోతుంది. అందుకే ఐదు రోజుల కోర్సు పూర్తయ్యేదాకా ఆగకుండా 500 మి.గ్రా. సెఫ్‌ట్రియాక్సోన్‌కి మార్చాం. మర్నాటికి జ్వరం జారింది. తర్వాతొచ్చిన కల్చర్‌లో షిగెల్లా ఫ్లెక్స్‌నెరి, అజిత్రోకి లొంగనిది, సెఫ్‌ట్రియాక్సోన్‌కి లొంగేది.

ఇక్కడే చిక్కు. అజిత్రోని పనికిరాకుండా చేసే ఎంజైమ్ జన్యువు ప్లాస్మిడ్ మీద ఉంటుంది, ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి ఇట్టే దాటుతుంది. సెఫ్‌ట్రియాక్సోన్‌ని విరగ్గొట్టే సీటీఎక్స్-ఎం జన్యువులూ అంతే. ప్రతి జలుబుకీ అజిత్రో రాసి, ప్రతి జ్వరానికీ సెఫ్‌ట్రియాక్సోన్ పొడిచే ఊళ్లో ఈ రెండూ బలపడకేం చేస్తాయి? ఈ రెండింటికీ, సిప్రోకీ కూడా లొంగని షిగెల్లా పెరుగుతోందని అమెరికా సీడీసీ 2023 ఫిబ్రవరిలో హెచ్చరించింది కూడా. అలాంటిది తగిలి సెఫ్‌ట్రియాక్సోన్ మీద కూడా 48 గంటలకి మెరుగు కనపడకపోతే నీ దగ్గర ఉంచుకోకు, పెద్దాసుపత్రికి పంపించు.

కాబట్టి మొదటి డోసుకి ముందే మలం కల్చర్‌కి పంపు. షిగెల్లా బయట త్వరగా చచ్చిపోతుంది. మలాన్ని అలాగే డబ్బాలో వదిలేస్తే సాయంత్రానికి కల్చర్‌లో అది పెరగకపోవచ్చు, అందుకే నెత్తురున్న జిగట భాగాన్ని స్వాబ్‌తో తీసి క్యారీ-బ్లెయిర్ ట్యూబులో పెట్టించు. అజిత్రో కూడా టెస్ట్ చెయ్యమని చీటీ మీద రాయి, చాలా ల్యాబులు అడగందే చెయ్యవు. రిపోర్టులో జెంటామైసిన్ పక్కన ‘సెన్సిటివ్’ అని కనిపిస్తే నమ్మకు. ప్లేటు మీద పనిచేసినా షిగెల్లా పిల్లాడి పేగులో అది పనిచెయ్యదు.

మీ ల్యాబ్‌లో క్యారీ-బ్లెయిర్ లేకపోతే చెప్పు, ఇక్కణ్నుంచి పంపిస్తాను.

నీ
రఘు