పనామెను మానిపించేటప్పుడు కాగితమూ, లెక్కా ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

బెంగళూరు మారతహళ్లి వైపు మేముండే అపార్ట్‌మెంట్‌లో, అనంతపురం జిల్లా నుంచి వచ్చిన ఒకామె ఓ ఇంట్లో నెలకు 6,000 రూపాయల జీతానికి ఆరేళ్లు అంట్లు తోమి, ఇల్లు తుడిచే పని చేసింది. పోయిన నెల 12వ తేదీన ఆమె పని ముగించుకుని చెప్పులు వేసుకుంటుండగా ఆ ఇంటివారు ‘రేపట్నుంచి రావద్దు’ అన్నారు. ఆమె తీసుకున్న 3,000 అడ్వాన్సులో ఆ పన్నెండు రోజుల జీతం పోయిందని చెప్పి వట్టి చేతులతో పంపారు. ఆమె తప్పేమీ లేదు, వాళ్లు ఊరు మారుతున్నారంతే. చూసిన నాకు మనసు చివుక్కుమంది.

ఊరు మారే సంగతి ఒక్క పూటలో తేలేది కాదు కదా! ఇక్కడ చాలా ఇళ్లవారు కొత్తవారిని ఒకటో తేదీ నుంచే పెట్టుకుంటారు కనుక నెల మధ్యలో పని పోయినవారికి మిగిలిన రోజులన్నీ ఖాళీయే. అందుకే కనీసం నెల ముందు చెప్పి, ఆ గడువు నెలాఖరుకు ముగిసేలా చూడాలి. అలా కుదరకపోతే ఆ నెల జీతం ఇవ్వాలి.

పది మందికన్నా తక్కువ మంది పనిచేసే చోటుకు గ్రాట్యుటీ చట్టం మామూలుగా వర్తించదు కాబట్టి, ఇళ్లవారిపై ఆ నిర్బంధం లేదు. అయినా ఐదేళ్లు నిండినవారికి ఏడాదికి పదిహేను రోజుల జీతమన్న దాని కొలత మనకూ న్యాయమైనదే. ఆ ప్రకారం ఈమెకు పన్నెండు రోజులకు 2,400, నోటీసుకు బదులు 6,000, స్థూలంగా ఏడాదికి సగం నెల చొప్పున ఆరేళ్లకు 18,000, వెరసి 26,400 రావాలి. అడ్వాన్సు పోగా 23,400.

ఈ లెక్కను ఆమె చదవగలిగే భాషలో ఒక కాగితం మీద రాసి, చదివి వినిపించి, ఇద్దరూ సంతకాలు చేసి చెరొక ప్రతి ఉంచుకోవాలి. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పనిచేసింది, ఎందుకు మానిపిస్తున్నారు అన్నవి అందులో ఉండాలి. ‘ఇంటి తాళంచెవి తిరిగి ఇచ్చారు’ అన్న ఒక్క వాక్యాన్ని మాత్రం ఎవరూ మరవకూడదు, ఎందుకంటే నెల తర్వాత ఏ గాజో కనబడకపోతే అనుమానం ముందుగా వెళ్లేది ఆమె మీదికే. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం ఎంతమాత్రం తగదు.

మరో మాట. గేటు దగ్గర రాకపోకలు నమోదు చేసే యాప్‌లో ఆమె పేరును తమ ఇంటి వరకే తీసివేయాలి. మొత్తంగా బ్లాక్ చేస్తే అదే ప్రాంగణంలో ఆమె చేసే మిగతా ఇళ్ల పనీ ఆగిపోతుంది. అపార్ట్‌మెంట్ సంఘాలు ఇలాంటి కాగితం నమూనాను కన్నడం, తెలుగు, తమిళాల్లో అచ్చు వేయించి తమ ఆఫీసుల్లో అందుబాటులో ఉంచాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, బెంగళూరు