నా క్రెడిట్ కార్డు బిల్లులో గేమ్ స్టోర్ పేరిట పడిన రూ. 4,639.68 నా లావాదేవీ కాదు

హైదరాబాద్,
19 మార్చి 2025

క్రెడిట్ కార్డు విభాగం, ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: చివరి అంకెలు 4417 గల వీసా క్రెడిట్ కార్డుపై నా అనుమతి లేకుండా జరిగిన ఆన్‌లైన్ గేమ్ స్టోర్ లావాదేవీ – సొమ్ము తిరిగి జమ చేయడం, దాన్ని స్టోర్ నుంచి వెనక్కి రాబట్టే చార్జ్‌బ్యాక్ వేయడం గురించి.

అయ్యా,

నిన్న, మార్చి 18న, ఈమెయిల్‌లో వచ్చిన స్టేట్‌మెంటులో మార్చి 6 తేదీ మీద ఒక విదేశీ ఆన్‌లైన్ గేమ్ స్టోర్ పేరుతో రెండు పద్దులు ఉన్నాయి. ఒకటి 0.99 డాలర్లు, రెండోది 49.99 డాలర్లు. రెండూ నేను చేసినవి కావు, చేయమని ఎవరికీ చెప్పలేదు. ఆ స్టోర్‌లో నాకు గానీ ఈ ఇంట్లో ఇంకెవరికీ గానీ ఖాతా లేదు. ఇంట్లో ఉన్న నాలుగు ఫోన్లలోనూ కొనుగోళ్ల చరిత్ర, సబ్‌స్క్రిప్షన్ల పేజీ, ఈమెయిల్ రసీదులు చూసిన తర్వాతే ఈ మాట రాస్తున్నాను. పిల్లలు ఆడుతూ కొనేసి ఉంటారన్న ప్రశ్న మొదట వస్తుందని తెలుసు కాబట్టి ముందే చెబుతున్నాను.

నిన్న సాయంత్రమే మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించాను. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. స్టేట్‌మెంటులో కనిపించని సమయాలు కూడా ఆ కాల్‌లోనే తెలిశాయి: చిన్న మొత్తం తెల్లవారుజామున 2:14కు, పెద్ద మొత్తం 2:19కి. ముందు ఒక డాలరు లోపు వేసి కార్డు పనిచేస్తుందో లేదో చూసుకోవడం, అది వెళ్లగానే అసలు మొత్తం లాగడం దొంగిలించిన కార్డు నంబర్లను పరీక్షించేవాళ్లు చేసే పని. తన కార్డుతో తాను గేమ్ కొనుక్కునే మనిషికి ఆ 0.99తో పనిలేదు. అందుకే రెండు పద్దులనూ ఒకే మోసంగా నమోదు చేయండి. పెద్దదాన్ని మాత్రమే తీసుకుని చిన్నదాన్ని వదిలేస్తే అది నేను ఒప్పుకున్న లావాదేవీగా మిగిలిపోయి, రేపు స్టోర్‌కు సాక్ష్యంగా పనికొస్తుంది.

వివాదంలో ఉన్న మొత్తం ఇలా వచ్చింది. రెండు లావాదేవీలకు మీరు వేసిన రూపాయల విలువ 86.53, 4,369.13, కలిపి 4,455.66. దానిపై 3.5 శాతం విదేశీ మారక మార్కప్ 155.95. మార్కప్‌పై 18 శాతం జీఎస్టీ 28.07. మొత్తం రూ. 4,639.68. స్టోర్ డాలర్లలో సొమ్ము వెనక్కి ఇచ్చినప్పుడు మార్కప్, జీఎస్టీ కార్డుదారు ఖాతాలోనే ఉండిపోవడం, మారకపు రేటు తేడా కూడా అతని నెత్తిన పడడం తరచూ జరుగుతుంది. లావాదేవీయే నాది కానప్పుడు దాని మీద వేసిన రుసుములూ నావి కావు. పైసలతో సహా తిరిగి జమ కావాలి.

ఇక అసలు సంగతి. ఈ కార్డు నంబరు 2024 డిసెంబరు 20న పాతదాని స్థానంలో కొత్తగా జారీ అయింది. 2020 జనవరి 15 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం కొత్తగా గానీ మళ్లీ గానీ జారీ చేసే కార్డు మన దేశంలో ఏటీఎంలలో, స్వైప్ మెషీన్ల దగ్గర మాత్రమే పనిచేసేలా ఇవ్వాలి. ఆన్‌లైన్ వాడకం, అంతర్జాతీయ వాడకం కార్డుదారు తానుగా తెరుచుకోవాలి. ఈ కార్డుకు దేశీయ ఆన్‌లైన్ వాడకం నేను తెరిచాను, అంతర్జాతీయ వాడకం ఎన్నడూ తెరవలేదు. నిన్న బ్లాక్ చేయించే ముందు యాప్‌లో కార్డు నియంత్రణల పేజీ ఫొటో తీసుకున్నాను. అందులో అంతర్జాతీయ స్విచ్ ఆపివేసే ఉంది.

మూసి ఉన్న తలుపులోంచి ఈ రెండు లావాదేవీలు ఎలా వెళ్లాయన్నది మీరు చెప్పాలి. స్టోర్ దీన్ని దేశీయ లావాదేవీగా పంపిందని అనడానికి వీల్లేదు, ఎందుకంటే మీరు విదేశీ మార్కప్ వసూలు చేశారు. బిల్లు వేసేటప్పుడు విదేశీ అని గుర్తించిన మీ సిస్టమ్, అనుమతి ఇచ్చేటప్పుడు ఎందుకు గుర్తించలేదు? కాబట్టి డిసెంబరు 20 నుంచి మార్చి 18 వరకు ఈ కార్డు స్విచ్‌లలో జరిగిన ప్రతి మార్పు రికార్డు నాకు పంపండి: ఏ తేదీన, ఏ సమయంలో, యాప్ నుంచా, వెబ్‌సైట్ నుంచా, ఫోన్ ద్వారానా, ఏ పరికరం నుంచి అన్నది అందులో ఉండాలి. మార్పే లేదని తేలితే అది బ్యాంకు వైపు లోపం. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాల్లో బ్యాంకు లోపం వల్ల జరిగిన నష్టానికి ఖాతాదారు బాధ్యత సున్నా, అతను ఎప్పుడు ఫిర్యాదు చేశాడన్నదానితో సంబంధం లేదు. ఒకవేళ ఎవరో స్విచ్ తెరిచి మళ్లీ మూసినట్టు కనబడితే, కార్డు నంబరు పోవడం కంటే పెద్ద విషయం అది. నా లాగిన్‌లోకి ఎవరో వచ్చారన్నమాట. అప్పుడు నాకు వెంటనే ఫోన్ చేయండి, ఉత్తరం కోసం ఆగకండి.

రోజుల లెక్క గురించి కూడా ఇప్పుడే స్పష్టంగా ఉండడం మంచిది. లోపం మీదీ నాదీ కాక మధ్యలో ఎక్కడో జరిగిందని మీరు తేల్చినా, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లోపు చెప్పిన ఖాతాదారుకు బాధ్యత ఉండదు. 4 నుంచి 7 పనిదినాలైతే, 5 లక్షల లోపు పరిమితి ఉన్న నా కార్డు లాంటివాటికి లావాదేవీ విలువ లేదా 10,000 రూపాయలు, ఏది తక్కువైతే అది ఖాతాదారు భరించాలి. అంటే ఈ కేసులో మొత్తమంతా నాదే అవుతుంది. 7 దాటితే మీ బోర్డు విధానం ఎలా ఉంటే అలా.

ఇక్కడ చిక్కు లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుందన్నదే. మార్చి 6న ఎస్సెమ్మెస్ పంపామని మీ రికార్డులో ఉంటే, రెండో శనివారం, ఆదివారాలు, హోలీ తీసేసినా 18వ తేదీ ఎనిమిదో పనిదినం అవుతుంది. కానీ ఆ రాత్రి నాకు ఓటీపీ రాలేదు, లావాదేవీ సందేశమూ రాలేదు. అదే నంబరుకు మార్చి 5న, 7న వచ్చిన ఇతర లావాదేవీల సందేశాలు ఫోన్‌లో ఉన్నాయి. ఆ పేజీ ఫొటో జతచేశాను. ఆదేశాల్లో లెక్క మొదలయ్యేది సమాచారం అందిన నాటి నుంచి, అందిన రోజును మినహాయించి. నాకు అందిన మొదటి సమాచారం 18 నాటి స్టేట్‌మెంటు. అదే రోజు చెప్పాను. పంపామని మీరు అనేటట్టయితే, మీ సర్వర్ నుంచి వెళ్లిందని చూపితే చాలదు, టెలికాం సంస్థ ఇచ్చిన డెలివరీ రిపోర్టు చూపండి. ఖాతాదారు బాధ్యతను రుజువు చేయాల్సిన భారం బ్యాంకుదేనని అదే ఆదేశాలు చెబుతున్నాయి.

చార్జ్‌బ్యాక్ వేసేటప్పుడు కారణం సరిగా రాయమని మనవి. గేమ్ స్టోర్ అనగానే వీటిని సబ్‌స్క్రిప్షన్ రద్దు వివాదంగానో, సరుకు అందలేదన్న వివాదంగానో వేసేస్తుంటారు. అలా వేస్తే ఓడిపోతాం. కొన్న గేమ్ కోడ్ ఫలానా ఖాతాకు అందింది, వాడేశారు అని స్టోర్ ఒక కాగితం చూపితే కేసు ముగిసిపోతుంది. సరుకు నిజంగానే అందింది, అందుకున్నది దొంగ. దీనికి తగినది వీసా నియమాల్లో 10.4, అంటే కార్డు చేతిలో లేకుండా జరిగిన మోసం.

దానికి ముందు లావాదేవీ రికార్డులో, కార్డుదారు ధృవీకరణ జరిగిందో లేదో చెప్పే ఈసీఐ విలువ చూడండి. 07 ఉంటే ఓటీపీ వంటి ధృవీకరణ జరగలేదని అర్థం, నష్టం స్టోర్ వైపు బ్యాంకుకు పోతుంది. విదేశీ స్టోర్లలో ఇది మామూలే. 05 ఉంటే మాత్రం ధృవీకరణ జరిగినట్టు నమోదైందన్నమాట. అప్పుడు ఏ మొబైల్ నంబరుకు ఏ సమయంలో ఓటీపీ వెళ్లిందో నాకు చూపాలి. ఏ విలువ ఉందో జవాబులో రాయండి.

స్టోర్ ఎదురు తిరిగితే ఏం చెబుతుందో కూడా ఊహించవచ్చు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న వీసా నిబంధన ప్రకారం, అదే కార్డుపై అదే స్టోర్‌లో 120 రోజులకు మించి పాతబడిన, ఏడాది లోపు జరిగిన, వివాదం లేని లావాదేవీలు రెండు చూపి, వాటి వివరాల్లో కనీసం రెండు, అందులో ఒకటి ఐపీ అడ్రసో పరికరం గుర్తింపో అయి, ఇప్పటిదానితో సరిపోతున్నాయని నిరూపిస్తే స్టోర్ గెలుస్తుంది. ఈ కార్డు నంబరు పుట్టి నేటికి 89 రోజులే. అంత పాత లావాదేవీ దీని మీద ఉండడం అసాధ్యం. స్టోర్ ఏ కాగితం పంపినా కేసు మూసే ముందు నాకు చూపించండి. గేమ్ ఖాతా లాగిన్, ఐపీ అడ్రసు అందులో ఉంటే అవి నావి కావని చెప్పడానికి నాకు ఒక్క రోజు చాలు. స్టోర్‌కు చార్జ్‌బ్యాక్ వేయడానికి మీకున్న గడువు లావాదేవీ ప్రాసెస్ అయిన తేదీ నుంచి 120 రోజులు. స్టేట్‌మెంటులో పోస్టింగ్ తేదీ మార్చి 8 కాబట్టి జూలై 6తో అది ముగుస్తుంది. ఫైలు బల్లల మధ్య తిరిగి ఆ తేదీ దాటితే, ఆ నష్టం నా ఖాతాలో వేయడానికి ఒప్పుకోను.

బిల్లు చెల్లింపు సంగతి. మొత్తం బాకీ రూ. 11,264.18లో వివాదం లేని రూ. 6,624.50 గడువు తేదీ ఏప్రిల్ 5 లోపు నేను చెల్లిస్తాను. నా పొదుపు ఖాతా నుంచి పూర్తి మొత్తం లాగేలా ఉన్న ఆటోడెబిట్‌ను ఈ నెలకు ఆపించమని విడిగా అభ్యర్థన పెట్టాను. అది ఆగకపోతే వివాదంలో ఉన్న సొమ్ము కూడా వెళ్లిపోతుంది. మిగిలిన 4,639.68ను వివాదంలో ఉన్నదిగా మీ సిస్టమ్‌లో గుర్తు పెట్టండి. ఆ గుర్తు లేకపోతే మీ లెక్కలో నేను బిల్లు పూర్తిగా కట్టనివాడినవుతాను. వడ్డీ లేని గడువు రద్దై, వచ్చే నెల మామూలు కిరాణా ఖర్చుకూ వడ్డీ పడుతుంది, ఆపైన ఆలస్య రుసుము, క్రెడిట్ రికార్డులో మచ్చ. కార్డుదారు మోసమని వివాదం చేసిన లావాదేవీపై అది తేలేవరకు ఎలాంటి చార్జీలు వేయకూడదని 2022 ఏప్రిల్ 21 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాల్లో ఉంది.

మార్చి 18న చేసిన ఫిర్యాదు నుంచి 10 పనిదినాల్లో ఈ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి. సెలవులన్నీ తీసేసినా అది ఏప్రిల్ 2 దాటదు. బిల్లుకు సంబంధించిన వివరణ, పత్రాలు 30 రోజుల్లో, అంటే ఏప్రిల్ 17లోపు ఇవ్వాలి. తుది నిర్ణయానికి 90 రోజులు, జూన్ 16. బ్లాక్ చేసిన నంబరుకు బదులుగా ఆన్‌లైన్ స్టోర్లలో భద్రపరిచిన టోకెన్లన్నీ రద్దు చేసి, కొత్త కార్డును అంతర్జాతీయ వాడకం మూసే పంపండి.

ఏప్రిల్ 17 నాటికి జవాబు రాకపోయినా, వచ్చిన జవాబులో స్విచ్ రికార్డు లేకపోయినా, రిజర్వు బ్యాంకు సమీకృత అంబుడ్స్‌మన్ పథకం కింద cms.rbi.org.in లో ఫిర్యాదు నమోదు చేస్తాను. సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి నిన్ననే తెలియజేశాను, ఆ రసీదు ఇందులో ఉంది.

జతచేసినవి: రెండు పద్దుల కింద గీత గీసిన స్టేట్‌మెంటు, కార్డు నియంత్రణల పేజీ ఫొటో, మార్చి 5 నుంచి 7 వరకు వచ్చిన సందేశాల ఫొటో, 1930 ఫిర్యాదు రసీదు, సంతకం చేసిన వివాద ఫారం. ఈ లేఖ అందినట్టు ముద్ర, తేదీ వేసిన ప్రతి ఒకటి నాకు ఇప్పించగలరు.

ఇట్లు,
కార్డుదారు
(సంతకం)