ఫోన్ తీసుకెళ్తే పంచనామా నకలు ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

‘నిందితుడి ఇంట్లో సోదాలు, సెల్‌ఫోన్ స్వాధీనం’ అని వార్తల్లో రోజూ చదువుతున్నాం. ఆ ఫోన్ తీసుకెళ్లేటప్పుడు ఇంటివాళ్ల చేతికి ఇవ్వాల్సిన కాగితం, అంటే తీసుకెళ్లిన వస్తువుల జాబితా ఉన్న పంచనామా నకలు, ఇచ్చారా లేదా అన్నది మాత్రం ఎక్కడా కనిపించదు. కేసు కోర్టుకు వెళ్లాక గొడవంతా ఆ కాగితం దగ్గరే మొదలవుతుంది.

సోదాకు వారంటు ఉండాల్సిందేనా అని చాలామంది అడుగుతారు. మెజిస్ట్రేట్ వారంటు ఇస్తే దాన్ని చూపించమని అడగవచ్చు. అయితే ప్రతి సోదాకూ వారంటు అక్కర్లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 185వ సెక్షన్ ప్రకారం, కావాల్సిన వస్తువు వేరే విధంగా అనవసర జాప్యం లేకుండా దొరకదని నమ్మడానికి కారణం ఉంటే దర్యాప్తు అధికారి నేరుగా సోదా చేయవచ్చు. కానీ ఆ కారణాన్నీ, ఏ వస్తువు కోసం వెతుకుతున్నదీ ముందే కేస్ డైరీలో రాయాలి. ఆ రాతల నకళ్లు 48 గంటల్లోపు మెజిస్ట్రేట్‌కు చేరాలి. ఇంటి యజమాని దరఖాస్తు పెట్టుకుంటే ఉచితంగా ఒక నకలు ఇవ్వాలి. ఈ దరఖాస్తు సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ.

వారంటు ఉన్నా లేకపోయినా సోదా జరిగే తీరు ఒక్కటే, అది 103వ సెక్షన్‌లో ఉంది. తలుపు దాటి వెతకడం మొదలుపెట్టక ముందే ఆ ప్రాంతంలో ఉండే, కేసుతో సంబంధం లేని ఇద్దరు పెద్దమనుషులను సాక్షులుగా పిలవాలి. మన వైపు వీళ్లను మధ్యవర్తులంటాం, పంచులంటాం. అక్కడివాళ్లు దొరకకపోతేనో, రామంటేనో మాత్రమే వేరే చోటివాళ్లను తేవచ్చు. ఇరుగుపొరుగును ఒక్కరినీ అడగకుండా జీపులోనే ఇద్దరిని వెంటబెట్టుకొస్తే, ‘ఎవరిని పిలిచారు, ఎవరు కాదన్నారు’ అన్న ప్రశ్నకు రేపు కోర్టులో జవాబు ఉండదు. ఇంటివాళ్లకు సోదా జరుగుతున్నంతసేపూ దగ్గరుండి చూసే హక్కుంది. ఆడవాళ్లను తనిఖీ చేయాల్సి వస్తే ఆ పని మరో ఆడమనిషే చేయాలి.

ఇక జాబితా. ఉదాహరణకు ఉదయం 7 గంటలకు ఒక ఇంట్లో కుర్రాడి ఫోన్ తీసుకున్నారనుకుందాం. పంచనామాలో ‘నల్లరంగు సెల్‌ఫోన్ ఒకటి’ అని రాసి సంతకాలు పెట్టించారు. అలాంటి ఫోన్లు ఊళ్లో వందలుంటాయి. ల్యాబ్‌కు వెళ్లింది ఈ ఫోనేనని తర్వాత ఎలా తేలుతుంది? కంపెనీ, మోడల్, ఏ ఫోన్‌కు ఆ ఫోన్‌ను గుర్తించే 15 అంకెల ఐఎంఈఐ నంబరు, సిమ్ వివరాలు, మెమరీ కార్డు ఉందా లేదా, ఫోన్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా, అద్దం పగిలి ఉందా అన్నవన్నీ ఆ జాబితాలో ఉండాలి. *#06# నొక్కితే ఐఎంఈఐ కనిపిస్తుంది. రెండు సిమ్‌ల ఫోనైతే రెండు నంబర్లు వస్తాయి, రెండూ రాయాలి. ఫోన్ ఆఫ్‌లో ఉంటే పెట్టె మీదా, బిల్లు మీదా అదే నంబరు ఉంటుంది. అందుకే ఆ రెండింటినీ పారేయకూడదు.

ఆ తర్వాత ఫోన్‌ను కవరులో పెట్టి, సీలు వేసి, సీలు మీదుగా సాక్షుల సంతకాలు తీసుకోవాలి. ఇది చాదస్తం కాదు. 7 గంటలకు స్వాధీనమైన ఫోన్‌లో 11 గంటలకు వాట్సాప్ తెరిచిన ఆనవాలు ల్యాబ్‌లో బయటపడితే, అందులోని ప్రతి సందేశం మీదా అనుమానం వాలుతుంది. నిందితుడికే కాదు, న్యాయం కోరి కేసు పెట్టినవాళ్లకు కూడా అది నష్టమే.

105వ సెక్షన్ ప్రకారం ఇప్పుడు సోదానూ, జాబితా తయారీనీ, సాక్షుల సంతకాలనూ వీడియో తీయాలి. దాన్ని ఆలస్యం లేకుండా మెజిస్ట్రేట్‌కు పంపాలి. వస్తువు దొరికిన తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి తీసిన రెండు నిమిషాల వీడియోతో సరిపెడితే ఈ నిబంధన నెరవేరినట్టు కాదు. అది ఎక్కడ, ఎవరి చేతికి దొరికిందో చూపించడానికే ఆ వీడియో.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. సోదాలో లోపం ఉన్నంత మాత్రాన దొరికిన సాక్ష్యాన్ని కోర్టులు పక్కన పడేయవు. దాన్ని ఎంతవరకు నమ్మాలన్న దగ్గర మాత్రం ఆ లోపం లెక్కకు వస్తుంది. కాబట్టి ఇంటివాళ్లు పోలీసులను అడ్డుకోకూడదు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదు. సంతకాలైన జాబితా నకలును అక్కడే అడిగి తీసుకోవాలి, ఇవ్వకపోతే అదే రోజు మెజిస్ట్రేట్‌కు రాతపూర్వకంగా తెలపాలి. ఫోన్ తిరిగి ఇప్పించమని 503వ సెక్షన్ కింద అర్జీ పెట్టేటప్పుడు కూడా ఆ నకలే పనికొస్తుంది.

జిల్లా పోలీసు అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఐఎంఈఐ, సిమ్, సీలు, నకలు అందినట్టు ఇంటివాళ్ల సంతకం, వీటికి విడివిడిగా గడులున్న పంచనామా ఫారాన్ని తెలుగులో అచ్చు వేయించి ప్రతి స్టేషన్‌కూ ఇవ్వండి.

ఇట్లు,
ఒక న్యాయవాది