బయటి యూనిట్ ఆవిరి పొగ కాదు. మంచు పట్టిందంటే గ్యాస్ లోపమే కానక్కర లేదు

సంపాదకుడు గారికి,

చలికాలంలో వేడిగాలి ఇచ్చే హాట్ అండ్ కోల్డ్ ఏసీలు మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఇళ్లలోనూ లాడ్జిల్లోనూ పెడుతున్నారు. జనవరి తెల్లవారుజామున బయటి యూనిట్ నుంచి తెల్లగా ఆవిరి లేస్తే కాలిపోతోందని మెయిన్ దించేస్తున్నారు. ఆ యూనిట్ రేకుల మీద మంచు కనబడితే గ్యాస్ తగ్గిందంటూ నింపి బిల్లు చేతిలో పెడుతున్నారు. రెండూ తొందరపాటే.

వేడి మోడ్‌లో బయటి కాయిల్ చల్లబడి, బయటి గాలిలోని వేడిని లాగుతుంది. అందుకని అది ఆ గాలి కన్నా సుమారు 5 నుంచి 8 డిగ్రీలు చల్లగా ఉంటుంది. బయట 5 డిగ్రీలుంటే కాయిల్ సున్నాకు దిగి, గాలిలోని తేమ దాని మీద తెల్లటి పొరలా గడ్డకడుతుంది. పొర మందమైతే గాలి ఆడదు, గది వేడెక్కదు. అప్పుడు మిషనే మంచు కరిగించే డీఫ్రాస్ట్‌లోకి పోతుంది. కాయిల్ సెన్సర్ చూసి బోర్డు గ్యాస్ దారి మార్చే రివర్సింగ్ వాల్వును తిప్పుతుంది, బుస్సుమని చప్పుడొస్తుంది. బయటి ఫ్యాన్ ఆగుతుంది, కంప్రెసర్ మాత్రం నడుస్తూనే వేడి గ్యాస్‌ను బయటి కాయిల్‌లోకి పంపుతుంది. మంచు కరిగి నీళ్లు కారతాయి, ఆవిరి లేస్తుంది. చల్లగాలి కొట్టకుండా లోపలి ఫ్యాన్ కూడా ఆగుతుంది. ఇదంతా మామూలుగా 10 నిమిషాల లోపే అయిపోయి మళ్లీ వేడిగాలి మొదలవుతుంది. ఈ ఆవిరికి వాసన ఉండదు. కాలిన వాసన వస్తే మాత్రం ఆపాల్సిందే.

ఇక మన ఊళ్ల సంగతి. తెల్లవారుజామున 12 డిగ్రీలుంటే శుభ్రంగా ఉన్న కాయిల్ 4 నుంచి 7 డిగ్రీల దగ్గర ఉంటుంది. నీళ్లు కారాలి గానీ గడ్డ కట్టకూడదు. కాబట్టి ఇక్కడ మంచు గంటల తరబడి అలాగే ఉందంటే ఏదో తేడా ఉన్నట్టే, కానీ అది గ్యాసే కానక్కర లేదు. గాలి తగ్గినా కాయిల్ సున్నా కిందికి పోతుంది. యూనిట్‌ను గోడకు ఆనించినా, మన రోడ్ల దుమ్ము రేకుల్లో మెత్తినా, కెపాసిటర్ నీరసించి ఫ్యాన్ నెమ్మదించినా ఇదే జరుగుతుంది. మంచు కాయిల్ అంతటా సమానంగా ఉంటే ముందు గాలినీ, తర్వాత సెన్సర్‌నూ చూడాలి. అడుగున మాత్రమే ఉంటే నీళ్లు పోయే రంధ్రం మూసుకుందేమో చూడాలి. గ్యాస్ లోపమైతే చాలాసార్లు సన్న పైపు వచ్చి కలిసే చోటే మంచు పట్టి, మిగతా కాయిల్ పొడిగా ఉంటుంది.

మంచును చాకుతో గీకకండి. పైపు చిల్లు పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. మెయిన్ ఆపి కరగనివ్వండి.

మెకానిక్‌లకు ఒక మాట. గేజి పెట్టి అంచనాగా నింపడం చలికాలంలో సరికాదు. లీకు మూసి, వ్యాక్యూమ్ తీసి, యూనిట్ మీది పట్టీలో రాసిన బరువునే కాటా మీద తూచి నింపాలి. ఎన్ని గ్రాములు పోశారో, లీకు ఎక్కడ దొరికిందో బిల్లులో రాయమని వినియోగదారులు అడగాలి. ఈ రెండూ లేని బిల్లుకు డబ్బు కట్టే ముందు కాయిల్ కడిగించి చూడండి.

– ఒక ఏసీ మెకానిక్, నల్లగొండ