కరెంటు షాకులు: శనివారంలోగా ఎలక్ట్రీషియన్ కావాలి

సెక్రటరీ గారూ, అందరికీ నమస్కారం. మా 204లో గీజర్ స్విచ్ వేసినప్పుడల్లా లోపల చిటపటమని నిప్పురవ్వలు వస్తున్నాయి. ప్లేటు అంచు నల్లబడింది, కాలిన వాసన కూడా. వైరు లూజై ఉండొచ్చు. అసలు భయం కుళాయితో. తడి చేత్తో ముట్టుకుంటే షాక్ కొడుతోంది, నిన్న పాపకీ కొట్టింది. కింద 104లోనూ ఇదే పరిస్థితి అంటున్నారు, కాబట్టి బిల్డింగ్ ఎర్తింగే దెబ్బతిందేమోనని అనుమానం. ఎంసీబీ ఉందిగా అనుకోవద్దు, ఇంత చిన్న లీకేజీకి అది పడిపోదు. దానికి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉండాలి, మన పాత బోర్డుల్లో లేదు.

శనివారంలోగా లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, స్విచ్‌లతో పాటు ఎర్త్ పిట్ కూడా చెక్ చేయించండి. మేం గీజర్ ఎంసీబీ దించేశాం. ఇంకెవరికైనా షాక్ కొడుతుంటే దయచేసి ఇక్కడే ఫ్లాట్ నంబర్ పెట్టండి, బోర్డు మాత్రం మీరే విప్పకండి.