డిగ్రీ అడిగిన పోస్టింగ్‌కి డిప్లొమాతో అప్లై చేసేవాళ్లకి

అందరికీ నమస్కారం. నిన్న మన గ్రూపులో ఒకరు అడిగారు: మూడేళ్ల డిప్లొమా, ఐదేళ్ల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అనుభవం ఉన్నా, అప్లై చేసిన రెండు నిమిషాలకే రిజెక్ట్ మెయిల్ ఎందుకొచ్చిందని. అంత త్వరగా వచ్చిందంటే రెజ్యూమె ఎవరూ చదివి ఉండరు. ఫారంలో "మీకు బ్యాచిలర్ డిగ్రీ ఉందా?" అన్న ప్రశ్నకు "లేదు" అని పెట్టగానే సిస్టమ్ పక్కన పెట్టేసి ఉంటుంది. చాలా కంపెనీలు ఇలాంటి ప్రశ్నకు ఆటోమేటిక్ తిరస్కరణ సెట్ చేస్తాయి.

అలాగని "ఉంది" అని పెట్టకండి. ఆఫర్ వచ్చాక వెరిఫికేషన్‌లో సర్టిఫికెట్ అడుగుతారు, అక్కడ దొరికితే ఆఫరే పోతుంది.

ముందు పోస్టింగ్‌లో "లేదా తత్సమాన అనుభవం" అన్న మాట ఉందేమో వెతకండి. ఉండీ ఫారం మాత్రం అవును, కాదు అనే అడుగుతోందంటే, తప్పు ఫారంది. సబ్మిట్ చేయకముందే రిక్రూటర్‌కి రాయండి: "డిగ్రీ లేదు, డిప్లొమా, ఐదేళ్ల అనుభవం ఉన్నాయి. పోస్టింగ్‌లో తత్సమాన అనుభవం అని ఉంది కాబట్టి ఈ ప్రశ్నకు ఏం పెట్టమంటారు?" జవాబు మెయిల్‌లోనే తీసుకుని దాచుకోండి.

సొంతంగా నేర్చుకున్నవాళ్లు ఏళ్లు లెక్క చెప్పడం కన్నా చేసిన పని చూపించాలి. "ఆటోమేషన్ తెలుసు" అంటే ఎవరూ పట్టించుకోరు. "రెండు రోజులు పట్టే రిగ్రెషన్ టెస్టింగ్‌ని మూడు గంటలకు తెచ్చాను, కోడ్ ఈ లింకులో ఉంది" అంటే ఆగి చూస్తారు.

లైసెన్స్ లేదా వీసా నియమం వల్ల డిగ్రీయే తప్పనిసరైన ఉద్యోగాల్లో మాత్రం రిక్రూటర్ చేతిలో ఏమీ ఉండదు. వాటి మీద టైం పెట్టకండి.